వేగం, బలం ఒక మాట చెప్తే లయ ఇంకో మాట చెప్పింది: నాడి చూసి పట్టుకున్న ఒక గుండె జబ్బు

రోగి వయసు 43 ఏళ్లు, వ్యవసాయ కూలీ. ఊరు అనంతపురం జిల్లాలో మా పీహెచ్‌సీ పరిధిలోదే. గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చి రాస్తున్నాను. ఏప్రిల్ నెల, బోర్ల కింద వేసిన చెనిక్కాయ పీకే పనులు జరుగుతున్నాయి. పది రోజులుగా నీరసం, గుండె దడ, నాలుగు అడుగులు వేస్తే ఆయాసం. ఆ ఎండల్లో పొలం పని చేసే మనిషి ఇలా చెబితే ఎవరికైనా ముందు ఎండదెబ్బే గుర్తొస్తుంది. ఊళ్లో చూసినవాళ్లు కూడా అదే అనుకున్నారు. ఒంట్లో నీళ్లు తగ్గాయని సెలైన్ సీసా ఒకటి ఎక్కించి, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు ఇచ్చి పంపారు. చీటీ మీద "పల్స్ 88, వీక్" అని రాసి ఉంది.

మరుసటి రోజు పొద్దున ఆమెను మా దగ్గరికి ఆటోలో తీసుకొచ్చారు. "గ్లూకోజు ఎక్కిచ్చినాక ఆయాసం ఇంగా ఎక్కువైంది సార్. రాత్రంతా మంచం మీద కూర్చోనే ఉండాది, పండుకోలేకపోయింది" అన్నాడు భర్త.

నీళ్లు తగ్గిన మనిషికి నీళ్లు ఎక్కిస్తే తెరిపిన పడాలి. ఇక్కడ తిరగబడింది. అందుకే చీటీ మీది 88ని, ఆ 'వీక్'ని పక్కన పెట్టి మొదటి నుంచి మొదలుపెట్టాం.

సిస్టర్ అప్పటికే వేలికి ఆక్సీమీటర్ పెట్టింది. ఆక్సిజన్ 95 దగ్గర నిలకడగా ఉంది. పల్స్ అంకె మాత్రం నిలవలేదు. 74 అంది, చూస్తుండగానే 118కి పోయింది, మళ్లీ 90కి దిగింది. బీపీ మిషన్ రెండుసార్లు గాలి ఎక్కించుకుని రెండుసార్లూ ఎర్రర్ చూపించింది. "బ్యాటరీ వీకైనట్టుంది సార్" అంది సిస్టర్. బ్యాటరీ బాగానే ఉంది. ఈ చిన్న మిషన్లు కొన్ని సెకన్ల దెబ్బలను సగటు చేసి అంకె చూపిస్తాయి. దెబ్బల మధ్య ఎడం ఎప్పటికప్పుడు మారుతుంటే ఆ సగటు కూడా గంతులేస్తుంది. వేలి దాకా రాని దెబ్బను అవి అసలు లెక్కపెట్టలేవు. కాబట్టి అంకె నిలవకపోవడం కూడా ఒక సమాచారమే. మిషన్‌ను తిట్టే ముందు మణికట్టు పట్టుకుని చూడాలి.

మణికట్టు దగ్గర

ఆమెను కుర్చీలో ఆనుకుని కూర్చోబెట్టి ఐదు నిమిషాలు వదిలేశాం. ఆటో దిగి, మెట్లెక్కి వచ్చిన మనిషి నాడి వెంటనే చూస్తే మనకు తెలిసేది మెట్ల సంగతే. చేతిని టేబుల్ మీద పెట్టించాను, అరచెయ్యి పైకి ఉండేలా. గాల్లో వేలాడే చేతిని పట్టుకుంటే కండరాలు బిగుసుకుని సన్నటి నాడి అందదు.

నాడి దొరికే చోటు బొటనవేలి వైపు ఉంటుంది. మణికట్టు మడత మీద నుంచి మోచేతి వైపు ఒక వేలి వెడల్పు వెనక్కి వస్తే, బయట అంచున ఎముక తగులుతుంది, లోపలి పక్కన తాడులా బిగిసిన నరం తగులుతుంది. జనం నరం అంటారు గానీ అది కండరాన్ని ఎముకకు కట్టే స్నాయువు. ఈ రెంటి మధ్య ఉన్న పల్లంలో రక్తనాళం ఎముక మీద ఆనుకుని పోతుంది. చూపుడు, మధ్య, ఉంగరం వేళ్ల కొనలను అక్కడ వరసగా ఆనించాలి. బొటనవేలితో చూడకూడదు. బొటనవేలికి తన సొంత నాడి గట్టిగానే ఉంటుంది, రోగి నాడి బలహీనంగా ఉన్నప్పుడు మనం మన గుండెనే లెక్కపెట్టుకునే ప్రమాదం ఉంది.

కొత్తవాళ్లు ఎక్కువగా తడబడేది ఎంత నొక్కాలన్న దగ్గర. నాడి అందకపోతే ఇంకా గట్టిగా నొక్కుతారు. నాళం పూర్తిగా మూసుకుపోయి ఉన్న కాస్తా పోతుంది. నేను చేసే పద్ధతి చెప్తాను. ముందు ఎముకకు ఆనేదాకా నొక్కి, తర్వాత మెల్లగా వదులుతాను. వదిలే దారిలో ఒకచోట దెబ్బ అన్నిటికంటే స్పష్టంగా తగులుతుంది. వేళ్లను అక్కడే ఆపాలి. ఈమె విషయంలో ఆ చోటు చాలా పైన ఉంది, అంటే దాదాపు తాకీ తాకనట్టు ఆనిస్తేనే నాడి అందింది. కాస్త బరువు పెట్టగానే మాయమైంది. చీటీ మీద రాసిన 'వీక్' తప్పేమీ కాదు.

ఇక లెక్క. చాలామంది 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణిస్తారు. నాడి సమంగా నడుస్తున్న మనిషికి దానితో పెద్ద నష్టం లేదు, ఒక దెబ్బ అటూ ఇటూ అయితే తేడా నిమిషానికి నాలుగే. ఆ ఒక దెబ్బ ఎక్కడ పోతుందో కూడా తెలుసు. నాడి కొట్టిన క్షణాన్నే గడియారం మొదలుపెడితే ఆ దెబ్బను సున్నా అనుకోవాలి, ఒకటి అని మొదలుపెడితే ఒక దెబ్బ ఎక్కువొస్తుంది. సమంగా లేని నాడికి మాత్రం 15 సెకన్ల లెక్క పనికిరాదు. ఆమెకు ఒక పూర్తి నిమిషం లెక్కపెడుతూ, ప్రతి 15 సెకన్లకూ వచ్చిన సంఖ్యను సిస్టర్‌తో కాగితం మీద వేయించాను. మొదటి పావులో 22, రెండో పావులో 27, మూడో దాంట్లో 24, నాలుగో దాంట్లో 29. మొత్తం 102.

ఆ కాగితం ఇప్పటికీ మా ట్రైనింగ్‌లో వాడుతున్నాను. మొదటి పావు మాత్రమే లెక్కపెట్టినవాళ్లు 22ని నాలుగుతో గుణించి 88 అని రాస్తారు, నాలుగో పావు పట్టుకున్నవాళ్లు 116 అని రాస్తారు. ఒకే మనిషి, ఒకే నిమిషం. ముందు రోజు చీటీ మీది 88 కూడా ఇలాగే వచ్చి ఉంటుందని నా అనుమానం. 88 అన్న అంకె చూస్తే ఎవరికీ టెన్షన్ రాదు. అసలు చిక్కు అదే.

లయ

లెక్క అయ్యాక వేళ్లు తీసేయలేదు. రెండో నిమిషంలో లెక్కపెట్టడం మానేసి, తర్వాతి దెబ్బ ఎప్పుడు పడుతుందో ముందే ఊహించే ప్రయత్నం చేశాను. నేను నేర్పేవాళ్లతో కాలి బొటనవేలితో నేల మీద తాళం వేయిస్తాను. నాడి సమంగా ఉంటే రెండు మూడు దెబ్బల తర్వాత కాలు దానంతట అదే కలుస్తుంది. ఈమె నాడికి తాళం కలవదు. రెండు దెబ్బలు గబగబా పడి, ఒక ఎడం వచ్చి, మూడు పడి, చిన్న ఎడం వచ్చి, మళ్లీ ఒకటి. ఎంతసేపు చూసినా ఒక వరస తిరిగి రాలేదు.

తేడాగా ఉన్న నాడి ఏదైనా ప్రమాదమే అనుకోకూడదు, కాబట్టి ఇక్కడ కాస్త ఆగాలి. పిల్లల్లో, కుర్రవాళ్లలో ఊపిరి పీల్చేటప్పుడు నాడి కొంచెం జోరందుకుని వదిలేటప్పుడు నెమ్మదిస్తుంది. అది మామూలే. ఛాతీ కదలిక చూస్తూ నాడి పట్టుకుంటే ఆ లంకె కనిపిస్తుంది, ఊపిరి కాసేపు బిగపట్టమంటే హెచ్చుతగ్గులు చాలావరకు పోతాయి. ఇంకో రకంలో సమంగా నడుస్తున్న నాడి మధ్యలో ఒక దెబ్బ తప్పినట్టుంటుంది, తర్వాతిది కాస్త గట్టిగా పడి మళ్లీ పాత వరసలో కలిసిపోతుంది. "గుండె ఒక్కసారి ఆగి మళ్లీ ఎగిరినట్టుంది" అని జనం చెప్పేది చాలాసార్లు ఇదే. నిజానికి గుండె ఆగలేదు, ఒక దెబ్బ ముందే పడి చేతికి అందలేదు. ఈ రెంటిలోనూ ఏదో ఒక వరస ఉంటుంది, తప్పిపోయినా తిరిగొస్తుంది. మూడో రకంలో వరస అన్నదే లేదు. అటువంటి నాడి నిమిషంపాటు అలాగే నడిస్తే ముందు అనుమానించాల్సింది ఏట్రియల్ ఫిబ్రిలేషన్. అంటే గుండె పై గదులు కొట్టుకోవడం మానేసి వణుకుతూ ఉండడం, ఆ వణుకులో నుంచి ఎప్పుడు పడితే అప్పుడు కింది గదులకు సంకేతాలు జారడం.

అనుమానించడం అనే అంటున్నాను. ముందే పడే దెబ్బలు మరీ ఎక్కువగా ఉన్నా నాడి ఇలాగే అయోమయంగా తగులుతుంది. తేల్చేది ఈసీజీ. మన వేళ్ల పని, ఎవరికి ఈసీజీ వెంటనే తీయాలో చెప్పడం వరకే.

బలం

నాడి బలం గురించి రాసేటప్పుడు చాలామంది ఒక్క మాటతో సరిపెడతారు: వీక్ అనో, గుడ్ వాల్యూమ్ అనో. ఆమె నాడిలో చూడాల్సింది దెబ్బకూ దెబ్బకూ మధ్య తేడా. ఎడం ఎక్కువగా వచ్చాక పడిన దెబ్బ వేలిని పైకెత్తేంత గట్టిగా తగిలింది. వెంటవెంటనే పడిన జంటలో రెండోది ఉందో లేదో తెలియనంత పలచగా ఉంది. కొన్నిచోట్ల ఏదో కదిలినట్టు అనిపించింది గానీ దెబ్బ అని లెక్కేయడానికి మనసు ఒప్పలేదు.

ఇందుకు కారణం గుండె నిండే తీరులో ఉంది. మన ఊళ్లలో పశువుల తొట్టిలోంచి బొక్కెనతో నీళ్లు తోడేటప్పుడు, బొక్కెనను మునగనిచ్చి లాగితే నిండుగా వస్తుంది, మునగకముందే లాగితే అడుగున నాలుగు చుక్కలే వస్తాయి. కింది గదికి కూడా దెబ్బకూ దెబ్బకూ మధ్య దొరికిన వ్యవధిలోనే రక్తం నిండాలి. వ్యవధి ఎక్కువ దొరికితే నిండుగా కొడుతుంది. మరీ తక్కువ దొరికితే గుండె ముడుచుకుంటుంది గానీ బయటికి పోయే రక్తం ఎంతో ఉండదు. ఆ అల మణికట్టు దాకా రాదు, కొన్నిసార్లు పెద్ద ధమని కవాటం కూడా తెరుచుకోదు. అంటే గుండె కొట్టింది, చేతికి మాత్రం అందలేదు.

అలాంటి దెబ్బలు ఎన్ని పోతున్నాయో కొలవవచ్చు. దానికి ఇద్దరు మనుషులు, ఒకే గడియారం కావాలి. సిస్టర్ స్టెతస్కోపును ఎడమ రొమ్ము కింద, గుండె కొన దగ్గర పెట్టింది, నేను మణికట్టు పట్టుకున్నాను. గోడ గడియారంలో సెకన్ల ముల్లు 12 దగ్గరికి రాగానే "మొదలు" అన్నాను, మళ్లీ 12కి వచ్చినప్పుడు "చాలు" అన్నాను. మధ్యలో ఇద్దరమూ పైకి లెక్కపెట్టలేదు, ఒకరి లెక్క వింటే రెండోవాళ్ల లెక్క దానివెంట పోతుంది. ఎవరి సంఖ్య వాళ్లం కాగితం మీద రాసుకుని అప్పుడు చూపించుకున్నాం. గుండె దగ్గర 136, మణికట్టు దగ్గర 102. రెండోసారి చేస్తే 132, 100. నిమిషానికి ముప్పైకి పైగా దెబ్బలు దారిలోనే పోతున్నాయి.

ఒక్కరే ఉంటే ముందు గుండె దగ్గర ఒక నిమిషం, తర్వాత చేతి దగ్గర ఒక నిమిషం లెక్కపెట్టి తీసేయొచ్చు కదా అని అడుగుతారు. లయ తప్పిన నాడిలో ఒక నిమిషానికీ ఇంకో నిమిషానికీ సంఖ్య ఎలాగూ మారుతుంది, ఆ తేడాను పోయిన దెబ్బలుగా లెక్కకట్టే ప్రమాదం ఉంది. ఒక్కరే ఉంటే గుండె దగ్గర స్టెతస్కోపు పెట్టి, మరో చేత్తో నాడి పట్టుకుని, చప్పుడు వినిపించినా నాడి తగలని సందర్భాలు ఉన్నాయా లేదా అన్నంతవరకు చూసుకోవచ్చు. సంఖ్య రాయాలంటే ఇద్దరు ఉండాల్సిందే.

చీటీ మీది 88తో ఈ 136ని పోల్చి చూడండి. చేతి నాడి మాత్రమే చూసిన మనిషికి ఆమె గుండె ఎంత వేగంగా పరిగెడుతోందో తెలిసే దారే లేదు. నాడిలో లయ లేదనిపిస్తే గుండె మీద స్టెతస్కోపు పెట్టకుండా వేగం రాయకూడదని మా దగ్గర పద్ధతి పెట్టుకున్నాం.

ఎండదెబ్బ ఎందుకు కాదు

ఎండకు, విరేచనాలకు, రక్తం పోయినందుకు ఒంట్లో ద్రవం తగ్గిన మనిషి నాడి కూడా వేగంగా, పలచగా, దారంలా తగులుతుంది. వేగం, బలం రెండే చూస్తే ఈమెకూ ఆ మనిషికీ తేడా కనిపించదు. విడదీసేది లయ. ద్రవం తగ్గిన మనిషి నాడి ఎంత పలచగా ఉన్నా సమంగా నడుస్తుంది, ఒక దెబ్బకూ ఇంకో దెబ్బకూ బలంలో పెద్ద తేడా ఉండదు. పడుకోబెట్టి నాడి చూసి, నిలబెట్టి ఒక నిమిషం తర్వాత మళ్లీ చూస్తే వేగం బాగా పెరుగుతుంది. ఆ పెరుగుదల 30 గాని, అంతకంటే ఎక్కువ గాని ఉంటే, లేదా కళ్లు తిరిగి నిలబడలేకపోతే, చాలా ద్రవం పోయిందని అనుమానించాలి. ఈమెకు ఆ పరీక్ష చేయలేదు. పడుకోలేని మనిషిని పడుకోబెట్టకూడదు, పైగా లయ లేని నాడిలో ఆ తేడా లెక్కకు రాదు.

మిగతా ఒళ్లు కూడా నాడి చెప్పినదానికే సాక్ష్యం పలికింది. నాలుక తడిగా ఉంది. జ్వరం లేదు. కూర్చుని ఉండగానే మెడ సిరలు ఉబ్బి కనిపించాయి. ఊపిరి నిమిషానికి 26. వీపు మీద స్టెతస్కోపు పెడితే ఊపిరితిత్తుల అడుగున రెండు వైపులా చిటపట చప్పుడు. పాదాలు కొద్దిగా వాచాయి. ఒంట్లో నీళ్లు తక్కువ కాలేదు, ఉన్నవి గుండె ముందుకు తోయలేక వెనక ఊపిరితిత్తుల్లో నిలిచిపోయాయి. సెలైన్ సీసా ఎక్కించిన రాత్రి ఆమె పడుకోలేకపోవడానికి కారణం ఇదే. ఆ సీసాలోని అర లీటరు కూడా అక్కడికే చేరింది.

చేత్తో గాలి కొట్టే బీపీ మిషన్‌తో పై అంకె మూడుసార్లు చూశాను: 118, 104, 112. లయ లేనప్పుడు ఒక్కసారి చూసి రాస్తే ఏ దెబ్బ దగ్గర పట్టుకున్నామో దాన్ని బట్టి అంకె మారుతుంది. గాలిని నెమ్మదిగా వదులుతూ, మూడుసార్లు చూసి సగటు రాసుకోవడం నయం. ఇక్కడే ఇంకో మాట. మణికట్టు నాడి అందితే బీపీ కనీసం 80 ఉన్నట్టే అని ఇప్పటికీ ట్రైనింగుల్లో చెబుతుంటారు. దాన్ని నమ్మొద్దు. అంతకంటే తక్కువ బీపీలో నాడి అందిన మనుషులూ ఉంటారు, మంచి బీపీలోనే నాడి అందీ అందని ఈమెలాంటివాళ్లూ ఉంటారు. నాడి బలం తెలిపేది ఒక్కో దెబ్బకు ఎంత రక్తం వస్తోందన్నది, బీపీ అంకెను కాదు.

మెడ దగ్గర

మా దగ్గర శిక్షణలో ఉన్న అమ్మాయి "మణికట్టు దగ్గర సరిగా అందట్లేదు కదా సార్, మెడ దగ్గర చూస్తే సరిపోదా?" అని అడిగింది. మంచి ప్రశ్న. మెడలోని నాళం పెద్దది, గుండెకు దగ్గర, అక్కడ మణికట్టు కంటే ఎక్కువ దెబ్బలు అందుతాయి. అయినా మరీ పలచటి దెబ్బలు అక్కడా తప్పిపోతాయి, గుండె దగ్గర విన్న సంఖ్యకు అది బదులు కాదు.

చూసే తీరు ఇది. గొంతు మధ్యలో ఉబ్బెత్తుగా ఉన్న చోట రెండు వేళ్లు పెట్టి, మనవైపు ఉన్న పక్కకు జార్చితే గొంతుకూ మెడ కండకూ మధ్య గాడి తగులుతుంది. అందులో మెత్తగా ఆనించాలి. మెడ కింది సగంలోనే ఆనించాలి, దవడ కింద పైకి పోకూడదు. పైన నాళం చీలేచోట ఒత్తిడిని పసిగట్టే బుడిపె ఉంటుంది, దాన్ని నొక్కితే గుండె వేగం, బీపీ రెండూ ఒక్కసారిగా పడిపోయి మనిషి సొమ్మసిల్లవచ్చు. ముఖ్యంగా ముసలివాళ్లలో. రెండు పక్కలా ఒకేసారి నొక్కడం ఎప్పుడూ కూడదు, మెదడుకు రక్తం తగ్గిపోతుంది. గొంతు మీదుగా చెయ్యి చుట్టి అవతలి పక్క చూసేవాళ్లను చూశాను, అది ఊపిరి గొట్టాన్ని నొక్కడమే. ఏ పక్క నిలబడ్డామో ఆ పక్కే చూడాలి.

స్పృహలో లేని పెద్దవాళ్లకు మాత్రం మణికట్టుతో పని లేదు, నేరుగా మెడ దగ్గరే చూడాలి. ఊపిరి ఉందా అన్నది కూడా అదే సమయంలో గమనించాలి. పది సెకన్లలోపు నాడి కచ్చితంగా ఉందని తేలకపోతే లేదనే అనుకుని ఛాతీ నొక్కడం మొదలుపెట్టాలి. పది సెకన్ల తర్వాత కూడా వెతుకుతూ కూర్చోవడం తప్పు. నర్సింగ్, వైద్య శిక్షణ లేని ఇంట్లోవాళ్లు నాడి కోసం అసలు వెతకనక్కర్లేదు. మనిషి పలకకుండా, ఊపిరి మామూలుగా తీసుకోకుండా ఉంటే 108కి ఫోన్ చేసి ఛాతీ నొక్కడం మొదలుపెట్టాలి.

ఈమె మెడలో కళ్లకు కనిపించిన కదలిక వేరు. అది ఉబ్బిన సిర అల్లాడడం. వేలు పెడితే తగలదు, కింద మెల్లగా నొక్కితే ఆగిపోతుంది. దాన్ని చూస్తూ నాడి లెక్కపెట్టడం కుదరదు.

తర్వాత

ఈసీజీ తీశాం. పై గదులు సరిగా ముడుచుకున్నప్పుడు కనిపించే చిన్న అల ఎక్కడా లేదు, పెద్ద గీతల మధ్య ఎడాలు ఒకదానికొకటి పొంతన లేకుండా ఉన్నాయి. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అని ఖాయమైంది. ఎందుకొచ్చిందన్నది మిగిలింది. చిన్నప్పుడు జ్వరమొచ్చి కీళ్లు ఒకదాని తర్వాత ఒకటి వాచేవా అని అడిగితే, పదేళ్ల వయసులో రెండు నెలలు బడి మానేసిందని తల్లి చెప్పింది. గొంతు ఇన్‌ఫెక్షన్ తర్వాత వచ్చే రుమాటిక్ జ్వరం గుండె కవాటాలను మచ్చబరిచి, ఏళ్ల తరబడి నెమ్మదిగా బిగిస్తుంది. ఎడమవైపు పై గదికీ కింది గదికీ మధ్య ఉన్న కవాటం బిగుసుకుంటే కింది గది నిండడానికి మామూలు మనిషికంటే ఎక్కువ సమయం కావాలి. లయ తప్పి వేగం 136కి పోతే దొరికే సమయం ఇంకా తగ్గిపోతుంది. అందుకే ఆమెకు అన్నేసి దెబ్బలు దారిలో పోయాయి, అంత త్వరగా ఊపిరితిత్తుల్లో నీరు చేరింది.

ఆమెను కూర్చోబెట్టే ఉంచి, నీరు దిగడానికి లాసిక్స్ ఇంజెక్షన్ 40 మిల్లీగ్రాములు సిరలోకి ఇచ్చాం. మాట తడబడుతోందా, మూతి వంకర పోయిందా, చేతులు రెండూ సమంగా ఎత్తుతోందా చూశాం. వణికే పై గదిలో రక్తం నిలిచి గడ్డకట్టి మెదడుకు పోయే ప్రమాదం ఈ రోగుల్లో చాలా ఎక్కువ కాబట్టి అది తప్పనిసరి. బాగానే ఉంది. 108లో అనంతపురం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రికి పంపాం. రెఫరల్ చీటీ మీద "గుండె దగ్గర 136, మణికట్టు దగ్గర 102, లయ లేదు, ఒకే నిమిషంలో ఇద్దరు చూసినది" అని రాసి, ఈసీజీ జతచేశాను. సెలైన్ ఎక్కించాక ఆయాసం పెరిగిందని కింద గీత గీసి రాశాను, దారిలో ఎవరైనా పలచటి నాడి చూసి మళ్లీ సీసా తగిలించకుండా.

ఎకోలో కవాటం వైశాల్యం 1.1 చదరపు సెంటీమీటర్లు అని వచ్చింది. మామూలుగా 4 నుంచి 6 దాకా ఉంటుంది, ఒకటిన్నర దాకా తగ్గితేనే తీవ్రం అంటారు. వేగం తగ్గించే మాత్ర, రక్తం పలచబరిచే మాత్ర మొదలయ్యాయి. ఇలా బిగుసుకున్న కవాటం ఉన్నవాళ్లకు కొత్త రకం పలచబరిచే మందులు కాకుండా వార్ఫరిన్ కుటుంబపు పాత మందే ఇస్తారు, రక్తం ఎంత పలచబడిందో చెప్పే ఐఎన్‌ఆర్ పరీక్ష 2 నుంచి 3 మధ్య ఉండేలా చూసుకుంటారు. బెలూన్‌తో కవాటాన్ని విప్పే సంగతి, పై గదిలో గడ్డ లేదని ఇంకో రకం ఎకోతో చూశాక తేలుస్తామన్నారు.

ఆరు వారాల తర్వాత మా దగ్గరికి నడిచే వచ్చింది. మళ్లీ సిస్టర్ గుండె దగ్గర, నేను చేతి దగ్గర లెక్కపెట్టాం: 84, 80. లయ అప్పటికీ లేదు. వేగం దిగాక దెబ్బలు చాలావరకు చేతికి అందుతున్నాయి. ఇలా మందులతో వేగం అదుపులో ఉన్నవాళ్లలోనే నాడి తేడా పట్టుకోవడం కష్టం. గబగబా 15 సెకన్లు చూసినవాళ్లకు ఇది మామూలు నాడిలాగే తోస్తుంది. ఓపిగ్గా నిమిషం చూస్తేనే ఎడాల తేడా తెలుస్తుంది. ఇంకో రకం రోగుల్లో లయ కొన్ని గంటలు తప్పి తర్వాత దానంతట అదే సర్దుకుంటుంది. అలాంటివాళ్ల నాడి మనం చూసిన నిమిషంలో సమంగా ఉందంటే ఆ నిమిషం బాగుందని మాత్రమే అర్థం.

ఇంటర్ చదివే కూతురికి మణికట్టు పట్టుకోవడం నేర్పించాం. పొద్దున మాత్ర వేసుకునే ముందు అమ్మను కూర్చోబెట్టి ఐదు నిమిషాల తర్వాత ఒక పూర్తి నిమిషం లెక్కపెట్టి, గోడ క్యాలెండర్‌లో ఆ తేదీ గడిలో రాస్తుంది. రోజూ ఐదారు తేడా వస్తే కంగారు పడొద్దన్నాను, లయ లేని నాడికి అది సహజం. కూర్చుని ఉండగా 110 దాటినా, 50 కంటే తగ్గినా, ఆయాసం మళ్లీ మొదలైనా ఫోన్ చేయమన్నాను. మాట తడబడితే, చెయ్యో కాలో పట్టు తప్పితే నాడి చూస్తూ కూర్చోకుండా 108 పిలవమన్నాను.

"మా అమ్మది లెక్క ఎప్పుడూ ఒక్కమాదిరి రాదు సార్, నేనే తప్పు లెక్కపెడుతున్నానేమో అనుకున్నా" అంది ఆ పిల్ల. పక్కన నిలబడి చూశాను. వేళ్లు పెట్టిన చోటు సరిగ్గానే ఉంది, లెక్క కూడా నాదానికి రెండు దెబ్బల తేడాతో వచ్చింది. గడియారం చూడడానికి తల తిప్పినప్పుడల్లా వేళ్లు పక్కకు జరుగుతున్నాయి, అంతే. ఫోన్‌లో ఒక నిమిషం అలారం పెట్టుకుని కళ్లు చేతి మీదే ఉంచమన్నాను.